నోట్సును బస్సులో వినే ఆడియోగా మార్చేటప్పుడు

క్లాసు నోట్సును ఉన్నదున్నట్టు చదివి రికార్డు చేస్తే వినడానికి పనికిరాదు. పేజీ మీద బాణాలూ పట్టికలూ కళ్లకు కనిపిస్తాయి, చెవికి వినిపించవు. అందుకే ముందు స్క్రిప్టు రాసుకోవాలి.

పాలిటీలో రిట్ల పాఠమే తీసుకోండి, అంటే హక్కుల రక్షణకు పై కోర్టులు జారీ చేసే ఆదేశాల పాఠం. నోట్సులో ‘ప్రొహిబిషన్ – సెర్షియోరరీ: తేడా’ అని రెండు గడుల పట్టిక ఉంటుంది. స్క్రిప్టులో దాన్ని ప్రశ్నగా మార్చండి: “కింది కోర్టు తన పరిధి దాటి ఒక కేసు విచారిస్తోంది, తీర్పు ఇంకా రాలేదు. ఏ రిట్ వేయాలి?” తర్వాత నాలుగైదు సెకన్ల మౌనం. ఆపైన జవాబు: “ప్రొహిబిషన్. విచారణను ఆపుతుంది. తీర్పు వచ్చేశాక అయితే సెర్షియోరరీ, ఆ తీర్పును రద్దు చేస్తుంది.” కారణం జవాబులోనే ఉండాలి, లేకపోతే రెండు పేర్లూ మళ్లీ కలిసిపోతాయి.

అసలు పని ఆ మౌనానిదే. వినేవాడు జవాబు గుర్తుతెచ్చుకునేది అప్పుడే. కొన్ని ప్లేయర్లలో నిశ్శబ్దాన్ని దాటేసే సెట్టింగు ఉంటుంది. ప్రశ్న వెంటనే జవాబు వినిపిస్తోందంటే అది ఆన్‌లో ఉన్నట్టే, ఆపేయండి.

అంకెలు వాక్యంలో ఇమిడిపోవాలి. రాజ్యాంగ అధికరణల నంబర్లను “32, 226” అని వరసగా చదివితే చెవిలో నిలవవు. “ప్రాథమిక హక్కుల కోసం సుప్రీంకోర్టుకు వెళ్లేది 32 కింద. హైకోర్టుకు 226 కింద వెళ్లాలి, అక్కడ ఇతర చట్టబద్ధ హక్కులకూ రిట్ దొరుకుతుంది” అనండి.

ఒక ఫైలుకు ఒకే అంశం, ఆరేడు నిమిషాలు చాలు. అరగంట ఫైలైతే దిగే స్టాపు దగ్గర ఎక్కడ ఆపామో వెతుక్కోవాలి. బొమ్మలు, మ్యాపులు మాత్రం ఆడియోలోకి తేకండి, వాటికి కాగితమే గతి.