ధరల సూచీ చదవడం – మూడో పాఠం: టమాటా ఏడాదిలో కీలక ద్రవ్యోల్బణాన్ని విడదీయడం

గత పాఠంలో వినియోగదారుల ధరల సూచీ కోసం కుటుంబాలు కొనే వస్తువుల బుట్టను కట్టుకున్నాము. ఈసారి అందులోని ఒక్కొక్క వస్తువుకు ఖర్చులో ఉన్న వాటాను, అంటే భారాన్ని పట్టుకొని, టమాటా ధర మండిన 2023 జులై లెక్కను విప్పి, ఆహారం, ఇంధనం తీసివేయగా మిగిలే కీలక ద్రవ్యోల్బణం ఎంతో చూద్దాము. రావులపాలెంలో నెలకు ఇరవై వేల రూపాయలు ఖర్చు పెట్టే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. వారు నెలకు అయిదు కిలోల టమాటాలు కిలో 25 రూపాయల చొప్పున కొంటే అయ్యేది 125 రూపాయలు, అంటే ఖర్చులో 0.6 శాతం మాత్రమే. ఆ ధర 75 రూపాయలకు చేరితే అదనంగా 250 రూపాయలు కావాలి. మరే ధరా మారకపోయినా, ఆ ఇంటి ద్రవ్యోల్బణం ఒక్క టమాటా వల్లనే 1.25 శాతం అవుతుంది. భారాన్ని ధరలోని మార్పుతో గుణించడమే ఈ లెక్క అంతా.

ఆ నెలలో ఆ ఇల్లాలు టమాటా పప్పు మాని చింతపండు పులుసుతో సరిపెట్టుకొని ఉండవచ్చు. సూచీ మాత్రం ఆమె పాత అయిదు కిలోలనే కొంటున్నట్టు లెక్కిస్తుంది, ఎందుకంటే భారాలు ఆధార సంవత్సరపు వినియోగ సర్వే నాటివి. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న శ్రేణికి ఆ సర్వే 2011–12లో జరిగింది. అందులో ఆహార పానీయాల భారం నూటికి దేశం మొత్తానికి 45.86, గ్రామాలకు 54.18, పట్టణాలకు 36.29. కాబట్టి లంక గ్రామాల్లోని ఇంటికీ రాజమహేంద్రవరంలో అద్దెకుండే ఇంటికీ ఒకే కూరగాయల ధర ఒకే బరువుగా తగలదు. ఆ శ్రేణిలో పట్టణ బుట్టలో ఇంటి అద్దెకు గట్టి వాటా ఉండేది, గ్రామీణ బుట్టలో ఆ పద్దే ఉండేది కాదు.

ఇప్పుడు అసలు లెక్క. 2023 జులైలో, అప్పుడు ప్రకటించిన అంకెల ప్రకారం, మొత్తం ద్రవ్యోల్బణం 7.44 శాతం, ఆహార పానీయాల విభాగంలో 10.57, ఇంధనం-వెలుతురు విభాగంలో 3.67. మొదట 45.86ను 10.57 శాతంతో గుణిస్తే 4.85 వస్తుంది. ఇంధనం భారం 6.84 కనుక దాని వాటా 0.25. ఈ రెండింటినీ 7.44 నుంచి తీసివేస్తే 2.34 మిగులుతుంది. ఇది బుట్టలో మిగిలిన 47.30 భారం తెచ్చిన పెరుగుదల కనుక, 2.34ను 47.30తో భాగించి నూరుతో హెచ్చిస్తే 4.95 శాతం. అదే కీలక ద్రవ్యోల్బణం. ఆ చివరి భాగహారాన్ని మరచి 2.34నే జవాబుగా రాసుకోవడం కొత్తవారు తరచుగా చేసే తప్పు. ప్రతి విభాగపు సూచీ ఏడాది క్రితం ఏ స్థాయిలో ఉందో కూడా కలుపుకొంటే దశాంశాల్లో కొద్ది తేడా వస్తుంది. మన అవసరానికి ఈ పద్ధతి చాలు.

మరో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. పత్రికల్లో ఆ నెలకు ఆహార ద్రవ్యోల్బణం 11.51 శాతమని వచ్చింది. అది హోటల్ భోజనాన్నీ, కాఫీ, టీ వంటి పానీయాలనూ కలపని వేరే సూచీ కాబట్టి 45.86తో దానిని గుణించకూడదు. రెండవది, ఇంధనం-వెలుతురు అంటే వంటగ్యాసు, కరెంటు, కట్టెలు, కిరోసిన్ వంటివి. బండిలో పోయించే పెట్రోలు రవాణా పద్దులో ఉంటుంది, అంటే మన 4.95లో అది మిగిలే ఉంది. దానిని కూడా తీసివేసే విశ్లేషకులు ఉన్నారు కాబట్టి ఇద్దరి అంకెలు కలవనప్పుడు ముందుగా చూడవలసింది పెట్రోలునే.

ఇంతకీ ఆహారాన్ని ఎందుకు తీసివేస్తారు? మదనపల్లె వైపు పంట దెబ్బతిని డెల్టా సంతలకు సరుకు తగ్గితే, వడ్డీ రేటు పెంచినంత మాత్రాన కాయ కాయదు. పైగా వడ్డీ ప్రభావం గిరాకీని తాకడానికి నెలలు పడుతుంది; ఈలోగా తర్వాతి పంట వచ్చేస్తుంది. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో, తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ అయిన రెపో రేటును 6.5 శాతం వద్దే ఉంచింది. అయితే దాని 4 శాతం లక్ష్యం మొత్తం ద్రవ్యోల్బణానిదే, కీలకానిది కాదు. అది సరైనదేనని నా అభిప్రాయం, ఎందుకంటే బియ్యం, పప్పు ధరలు ఏడాది పొడవునా దిగకపోతే కోత కూలీ, ఆటో ఛార్జీ కూడా పెరగక తప్పదు, అప్పుడు ఆ వేడి కీలక భాగంలోకే చేరుతుంది.

అభ్యాసంగా అదే ఏడాది సెప్టెంబరును మీరే లెక్కించండి: మొత్తం 5.02, ఆహార పానీయాలు 6.30, ఇంధనం-వెలుతురు మైనస్ 0.11. మీకు 4.5 దగ్గర జవాబు రావాలి. మొత్తం అంకె రెండు నెలల్లో దాదాపు రెండున్నర పాయింట్లు దిగితే, కీలకం అర పాయింటు కూడా దిగలేదు.