క్లెయిమ్ కాగితాలు చదవడం – 5వ పాఠం: ‘టెస్టుల కోసమే చేరారు’ అంటే

పోయిన పాఠంలో వెయిటింగ్ పీరియడ్ చూశాం. అక్కడ లెక్క సులువు, తేదీలు చూస్తే తేలిపోతుంది. ఈసారి తేదీలతో తేలని సంగతి. అసలు ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం ఉందా అన్నది బీమా కంపెనీ ఎలా తేలుస్తుంది?

నేను విజయవాడ సూర్యారావుపేటలో ఓ ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేశాను. ఈ కారణంతో తిరిగొచ్చిన ఫైళ్లు చాలా చూశాను. అయినా ఈ పాఠానికి మా ఇంటి ఫైలే తీసుకుంటున్నాను. అందులో ప్రతి కాగితం నేనే చదివాను కాబట్టి.

మా బావగారికి 54 ఏళ్లు, గుంటూరులో ఉంటారు. షుగర్, బీపీ ఉన్నాయి, సిగరెట్ అలవాటు ఉంది. ఓ రాత్రి ఒంటిగంటకి ఛాతీలో నొప్పి మొదలై ఎడమ చేతిలోకి పాకింది. ఒళ్లంతా చెమటలు. రెండింటికల్లా ఆసుపత్రిలో ఉన్నారు. 31 గంటలు ఉంచారు. ఈసీజీలు, రక్తపరీక్షలు, ఎకో, చివర్లో ట్రెడ్‌మిల్ పరీక్ష, అన్నీ నార్మల్. గ్యాస్ట్రైటిస్ అని మాత్రలు రాసి పంపారు. క్యాష్‌లెస్ ఇవ్వలేదు. బిల్లు కట్టి క్లెయిమ్ పెడితే అదీ తిరస్కరించారు. అక్క ఫోన్ చేసి ఒకటే అడిగింది: “రిపోర్టులన్నీ బాగా వచ్చాయని దేవుడికి దండం పెట్టుకున్నాం కదరా. బాగా రావడమే తప్పయిందా?”

తిరస్కరణ లేఖలో Excl04 అని ఉంది. ఇది అన్ని కంపెనీల పాలసీల్లోనూ ఒకే కోడ్‌తో ఉండే మినహాయింపు. ఇందులో రెండు ముక్కలున్నాయి. ప్రధానంగా పరీక్షల కోసమే చేరితే ఆ ఖర్చు ఇవ్వరు. చేరడం సబబే అయినా, ఆ జబ్బుతో సంబంధం లేని పరీక్షల ఖర్చు ఇవ్వరు. మొదటి ముక్కలో ‘ప్రధానంగా’ అన్న మాట కింద గీత గీయండి. వాదన అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ నిబంధన ఊరికే పెట్టింది కాదు. చాలా పాలసీలు ఓపీలో చేయించుకునే స్కానింగులకు డబ్బివ్వవు. అందుకని, నడిచి వెళ్లి చేయించుకోగల ఎమ్మారై కోసం కూడా ఒక రాత్రి మంచం తీసుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ‘24 గంటలు దాటితే చాలు, క్లెయిమ్ వస్తుంది’ అని ఆసుపత్రుల్లోనే చెబుతుంటారు. అది సగం నిజం. 24 గంటలు గడవడం ఒక షరతు మాత్రమే. వైద్యపరంగా అవసరం అన్నది దానికి వేరే షరతు. 26 గంటలు ఉన్నా, 50 గంటలు ఉన్నా రెండోది దానంతటది తీరదు.

వైద్యపరంగా అవసరం అంటే ఏమిటో పాలసీలోనే రాసి ఉంటుంది. ఆ చికిత్స లేదా ఆసుపత్రిలో ఉండటం జబ్బును నయం చేయడానికో, అదుపు చేయడానికో కావాలి. డాక్టరు రాసి ఉండాలి. డాక్టర్లందరూ ఒప్పుకునే పద్ధతిలో ఉండాలి. రోగికి సురక్షితంగా సరిపోయే స్థాయిని మించకూడదు. చిక్కంతా ఈ చివరి షరతుతోనే వస్తుంది. కంపెనీ డాక్టరు దీన్ని చదివి వేసుకునే ప్రశ్న ఇది: ఈ మనిషిని ఇంటికి పంపి, మర్నాడు ఓపీకి రమ్మంటే ప్రమాదం ఉండేదా?

జవాబు వెతకాల్సింది చేరిన గంటలో తెలిసిన విషయాల్లో. ఇంటికి వెళ్లేటప్పుడు తెలిసినదాన్ని బట్టి అప్పటి నిర్ణయాన్ని తప్పు పట్టకూడదు. కానీ కంపెనీ చేతికి మొదట అందేది డిశ్చార్జ్ సమ్మరీ. అందులో పైన ‘గ్యాస్ట్రైటిస్’, కింద ‘ఎవాల్యుయేషన్ కోసం అడ్మిట్ చేశాం’ అనే ఒక వాక్యం. మా బావగారి సమ్మరీలో నొప్పి చేతిలోకి పాకిందన్న మాటే లేదు. ఆ కాగితం ఒక్కటే చదివితే నేనైనా తిరస్కరించేవాణ్ణి.

అందుకే మీరు ఫైలును వెనక నుంచి కాకుండా ముందు నుంచి చదవాలి. ఆసుపత్రిలో రాసి అడిగితే, రోగి ఉన్నంతసేపూ డాక్టర్లు, నర్సులు రాసిన ఇండోర్ కేస్ షీట్ నకలు ఇస్తారు. అందులో క్యాజువాలిటీ నోట్ ముందు తీయండి. మా బావగారి నోట్‌లో రాత్రి 2.10కి బీపీ 170/100, నాడి 104, చెమటలు, చేతిలోకి పాకే నొప్పి అని ఉంది. గుండెనొప్పితో వచ్చినవాళ్లకి డాక్టర్లు హార్ట్ స్కోర్ అని ఒకటి వేస్తారు. నొప్పి తీరు, ఈసీజీ, వయసు, షుగర్ లాంటి ముప్పులు, రక్తంలో ట్రోపోనిన్ అనే గుండె కండరపు ప్రోటీన్, ఒక్కోదానికి 0 నుంచి 2. ఆయన నొప్పి తీరుకి 2, వయసుకి 1, మూడు ముప్పులున్నందుకు 2, ఈసీజీకీ ట్రోపోనిన్‌కీ సున్నా. మొత్తం 5. 3 వరకు ఉంటే సాధారణంగా ఇంటికి పంపవచ్చు. 4 నుంచి 6 అయితే ఉంచి చూడాలి.

తర్వాత పరీక్షల టైములు చూడండి. ట్రోపోనిన్ 2.30కి ఒకసారి, 8.30కి ఒకసారి చేశారు. ఒకే పరీక్ష రెండుసార్లు ఎందుకని కంపెనీ అడుగుతుంది. గుండె కండరం దెబ్బతిన్నాక ఆ ప్రోటీన్ రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. నొప్పి మొదలైన గంటన్నరకి నార్మల్ వచ్చిందంటే దానికి పెద్ద విలువ లేదు. రెండోది వచ్చేదాకా మనిషిని మానిటర్ మీద ఉంచడం చికిత్సలో భాగమే.

ఆఖరున డ్రగ్ చార్ట్. దీన్ని చాలామంది తిరగెయ్యరు, నాకైతే అన్నిటికన్నా విలువైన కాగితం ఇదే. అక్కడ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లోడింగ్ డోసులు, పొట్ట మీద రెండుసార్లు హెపారిన్ ఇంజెక్షన్, పక్కన నర్సు సంతకం, టైము ఉన్నాయి. గుండెపోటు అనుకుని మందు మొదలుపెట్టారన్నమాట. ‘ప్రధానంగా పరీక్షల కోసం’ అన్న వాదన ఇక్కడ నిలవదు.

ఈ మూడు కాగితాలతో పాటు, ఆ రాత్రి ఎందుకు ఉంచారో వివరిస్తూ చూసిన డాక్టరు లెటర్‌హెడ్ మీద రాసిన లేఖ జతచేసి, కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పంపాం. డాక్టరు అప్పుడు జరిగిందే రాయాలి. పాత కేస్ షీట్‌లో ఇప్పుడు ఒక అక్షరం కలపమన్నా అది మోసం, మొత్తం క్లెయిమ్ పోతుంది. మా క్లెయిమ్ పాసైంది, విటమిన్ డి పరీక్ష డబ్బులు తప్ప. ఛాతీనొప్పికీ దానికీ సంబంధం లేదు కాబట్టి ఆ కోత న్యాయమే. అక్కకీ అదే చెప్పాను.

అక్కడ కాదన్నా, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ వాళ్లకి ఆఫీసు హైదరాబాద్‌లో. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కానీ ఏడాదిలోపు వెళ్లాలి.

ఇప్పుడు మీ వంతు. 61 ఏళ్ల ఆవిడ మూడు వారాలుగా నీరసం, తల తిప్పడం అంటూ విజయవాడలో చేరింది. చేరినప్పుడు బీపీ, నాడి నార్మల్. మొదటి రోజు మెదడు ఎమ్మారై, థైరాయిడ్, బి12 పరీక్షలు, రెండు మాత్రలు. అదే రాత్రి 9 గంటలకి వచ్చిన రిపోర్టులో సోడియం 118, అంటే ప్రమాదకరంగా తక్కువ. పది గంటలకి 3 శాతం సెలైన్ మొదలుపెట్టి, నాలుగు గంటలకోసారి సోడియం చూస్తూ రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. సమ్మరీలో ‘నీరసం, ఎవాల్యుయేషన్’ అని ఉంది. ఏ కాగితం ముందు పెడతారు? బిల్లులో ఏది వదులుకుంటారు? రాసి ఉంచుకోండి, 6వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.