జీతాన్ని 2080తో భాగించండి బాబూ, 2880తో కాదు

మన వైజాగ్ నుంచి కొత్తగా అమెరికా వెళ్ళి ఉద్యోగంలో చేరినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు, ఎస్ఎస్ఎన్ గురించి చెప్పేవాళ్ళు వందమంది ఉన్నారు, అవి వాళ్ళనే అడగండి. నాకు ఒళ్ళు మండే సంగతి వేరే ఉంది.

గాజువాక కుర్రాడొకడు, మా వీధివాడే, డల్లాస్‌లో చేరాడు. ఏడాదికి 78,000 డాలర్లు. మేనేజరు పిలిచి, నెలకి రెండు శనివారాలు సపోర్ట్ చెయ్యాలి, ఎక్స్‌ట్రా ఇస్తాం, గంటకి ఎంత కావాలో చెప్పు అన్నాడట. అలా అడిగే మేనేజరు దొరకడమే అదృష్టం. మనవాడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి 78,000ని 12తో, దాన్ని 30తో, దాన్ని 8తో భాగించి, 27 డాలర్లు సార్ అనేశాడు. పైగా దాన్ని రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోయి మరీ నాకు ఫోన్ చేశాడు. "అన్నా, గంటకి అంత వస్తే చాలదా?" అని. చాలదురా నాయనా.

వాడు చేసిన లెక్కలో ఏడాదికి 2880 గంటలు పని ఉంది, అంటే ఆదివారాలు కూడా ఆఫీసుకెళ్ళినట్టు. ఇంకొంతమంది తెలివిగా 30 బదులు 26తో భాగిస్తారు, ఎందుకంటే మన ఇళ్ళలో రోజు కూలీ లెక్కైనా గ్రాట్యుటీ లెక్కైనా 26 రోజులే విని పెరిగాం. 26 రోజులు, 8 గంటలు, 12 నెలలు కలిపి చూస్తే 2496. అది తప్పు నంబరు కాదు, వారానికి 48 గంటలు పెట్టి 52 వారాలు వేసినా సరిగ్గా అదే వస్తుంది. ఆరు రోజుల పనివారానికి కరెక్టు. కానీ నువ్వు చేరింది ఐదు రోజులు, 40 గంటల వారంలో కదా. 40ని 52తో గుణిస్తే 2080. అమెరికాలో గంట జీతాన్ని ఏడాది జీతంగా మార్చేటప్పుడు వాళ్ళ లేబర్ లెక్కల్లో కూడా మామూలుగా వాడేది ఇదే. (ఫెడరల్ ఉద్యోగులకి మాత్రం 2087 అంటారు, క్యాలెండర్లో ఏడాదికేడాదికి వచ్చే తేడాలు సర్దడానికి. మనకి దానితో పన్లేదు.)

```
78000 / 2880 = 27.08
78000 / 2496 = 31.25
78000 / 2080 = 37.50
```

జీతం ఒకటే, మనిషి ఒకడే, కింద పెట్టిన నంబరు మారేసరికి గంటకి పది డాలర్లు ఎగిరిపోయాయి. నెలకి రెండు శనివారాలంటే 16 గంటలు. 27 చొప్పున 432 డాలర్లు, 37.50 చొప్పున 600. ప్రతి నెలా ఆ తేడా నువ్వే కంపెనీకి ఎదురిచ్చినట్టు.

నా మాట నమ్మకపోతే పేస్లిప్ తియ్యి. రెండు వారాలకోసారి జీతం పడేవాడికి ఏడాదికి 26 స్లిప్పులు, ఒక్కోటి 80 గంటలు. స్లిప్‌లో 3000 ఉంటుంది, 80తో భాగిస్తే 37.50 తేలిపోతుంది. అయితే ఒకటి చూసుకోండి, కొన్ని కంపెనీలు నెలకి రెండుసార్లు ఇస్తాయి, 15న ఒకటి, నెలాఖరున ఒకటి. అప్పుడు 24 స్లిప్పులే, ఒక్కోటి 3250. దాన్ని కూడా 80తో భాగించేసి నాకు గంటకి 40 పైన వస్తోంది అని మేనేజరుతో వాదించకండి, ఆ స్లిప్ వెనకాల ఉన్నవి 80 కాదు, దాదాపు 86.67 గంటలు. అలాగే ఆఫర్ లెటర్లో వారానికి ఎన్ని గంటలని రాశారో చదవండి. 37.5 అని ఉంటే మీ నంబరు 1950, అప్పుడు ఇదే జీతానికి గంటకి సరిగ్గా 40 డాలర్లు. లెటర్ చదవకుండానే సంతకం పెట్టేసి తర్వాత నాకు ఫోన్ చేస్తారు, ఏం చెప్పను!

ఇప్పుడు అసలు బేరం. 37.50 అనేది నువ్వు అడగాల్సిన రేటు కాదు, అంతకన్నా కిందకి దిగకూడని గీత. ఎందుకంటే ఆ 2080లో నువ్వు పని చెయ్యని గంటలు కూడా ఉన్నాయి. మనవాడికి పండగ సెలవులు 10, సొంత సెలవులు 15, అంటే 25 రోజులు, 200 గంటలు ఇంట్లో కూచున్నా జీతం వస్తుంది. నిజంగా కూచుని పనిచేసేది 1880 గంటలు, ఆ లెక్కన గంట విలువ 41.49. శనివారం చేసే గంటకి ఏ సెలవూ కలిసిరాదు, కాబట్టి 41.50 అడగడం అత్యాశ కాదు, సమానం చెయ్యడం అంతే.

ఓవర్‌టైమ్ సంగతి వేరు. ఆఫర్ లెటర్లో నాన్ ఎగ్జెంప్ట్ అని ఉంటే బేరమే అక్కర్లేదు, వారంలో 40 దాటిన ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని వాళ్ళ ఫెడరల్ చట్టం, అంటే 56.25. ఏ వారానికి ఆ వారమే, ఈ వారం 44 చేశావు, వచ్చే వారం 36 చేస్తే సరిపోయింది అంటే ఒప్పుకోకూడదు. ఇక్కడ స్టీల్ ప్లాంట్ కుటుంబాల పిల్లలు ఓటీ అంటే డబులేగా అనుకుంటారు, నాన్నగారి షిఫ్టుల కాలం నుంచి వింటున్నది అదే, అక్కడ మాత్రం ఒకటిన్నర. ఇక ఎగ్జెంప్ట్ అని ఉంటే, సాఫ్ట్‌వేర్‌లో జీతం మీద ఉన్న మనవాళ్ళు చాలామంది ఇందులోకే వస్తారు, చట్టప్రకారం ఓవర్‌టైమ్ రాదు. నా మొదటి నెలలన్నీ అలాగే పోయాయి, ఓ చిన్న కంపెనీ ప్రతి వీకెండ్ పని చేయించుకుని పిజ్జా తెప్పించి భుజం తట్టి పంపేది, అడిగితే నువ్వు ఎగ్జెంప్ట్ కదా అనేవాళ్ళు. కానీ ఎగ్జెంప్ట్ వాడికి ఎక్స్‌ట్రా ఇవ్వకూడదని ఎక్కడా లేదు. గంటల లెక్కన ఇచ్చినా, ఒకటిన్నర రెట్లు ఇచ్చినా, ఒకేసారి ఇంత అని ఇచ్చినా వాళ్ళ ఎగ్జెంప్ట్ హోదాకేమీ నష్టం లేదు. హెచ్ఆర్ వాళ్ళు రూల్ ఒప్పుకోదు అంటే అది రూలు కాదు, వాళ్ళ ఇష్టం.

హెచ్1బి మీద ఉన్నవాళ్ళు ఇదంతా మీ సొంత కంపెనీ పనికే అని గుర్తుపెట్టుకోండి. తెలిసిన అంకుల్ మోటెల్‌కి వెబ్‌సైట్ చేసిపెడితే గంటకి 50 ఇస్తానన్నాడని వెళ్ళకండి. అక్కడ రేటు కాదు సమస్య, వీసా.

సరే, ఇప్పటికే 27 అని చెప్పేసినవాళ్ళు నెత్తి మీద చెయ్యి పెట్టుకోనక్కర్లేదు. నోటితో చెప్పిన రేటు శిలాశాసనం కాదు. మా కుర్రాడు కూడా సోమవారం మెయిల్ పెట్టాడు, మొన్న నెల రోజుల లెక్కన చెప్పాను, 2080 లెక్కన చూస్తే నా మామూలు రేటే 37.50, సెలవులు తీసేస్తే 41.50, వచ్చే నెల నుంచి అలా చేద్దాం అని. మేనేజరు 40కి ఒప్పుకున్నాడు, కోపగించుకోలేదు, ఉద్యోగమూ పోలేదు. ఒక్కటే మర్చిపోయాడు, శనివారం ఒక్క కాల్ పావుగంటలో అయిపోతే దానికెంత అని అడగలేదు. మీరు అడగండి, కాల్ వస్తే కనీసం రెండు గంటలు లెక్కేసుకోవాలని అదే మెయిల్లో రాయించుకోండి.