ఘన బహుపది సమూహం A₃ లోపల ఉందో లేదో విచక్షణితో తేల్చడం ఎలా?

అకరణీయ సంఖ్యలు గుణకాలుగా ఉన్న ఒక ఘన బహుపదికి r₁, r₂, r₃ అనే మూడు వేర్వేరు మూలాలు ఉన్నాయనుకుందాం. ఈ మూలాల మధ్య అకరణీయ గుణకాలతో రాయగల సమీకరణాలు కొన్ని ఉంటాయి. వాటిలో ఏదీ చెడకుండా మూలాలను ఎన్ని రకాలుగా తారుమారు చేయవచ్చో చెప్పేదే ఆ బహుపది గాల్వా సమూహం. మూడింటిని తారుమారు చేసే పద్ధతులు మొత్తం ఆరు. ఈ ఆరూ కలిస్తే S₃. వాటిలో సరి ప్రస్తారాలు మూడు: ఏదీ కదల్చకపోవడం, మూడింటినీ గుండ్రంగా ఒక వైపు తిప్పడం, రెండో వైపు తిప్పడం. ఇవే A₃. మిగిలిన మూడూ రెండు మూలాలను మార్చి మూడోదాన్ని వదిలేసే బేసి ప్రస్తారాలు. మన సమూహంలో బేసివి ఉన్నాయా లేవా అన్నది మూలాలు కనుక్కోకుండానే చెప్పవచ్చు.

పరీక్ష ఎందుకు పనిచేస్తుంది?

ఈ లబ్ధాన్ని చూడండి:

δ = (r₁ − r₂)(r₁ − r₃)(r₂ − r₃)

r₁, r₂ లను పరస్పరం మారిస్తే మొదటి కుండలీకరణం గుర్తు మారుతుంది, మిగతా రెండూ స్థానాలు మార్చుకుంటాయి. అంటే δ కాస్తా −δ అవుతుంది. ఏ రెండింటిని మార్చినా ఇంతే. గుండ్రంగా తిప్పడమంటే రెండు మార్పిడులు వరసగా చేయడం కాబట్టి గుర్తు రెండుసార్లు మారి δ యథాతథంగా ఉంటుంది. ఇక δ² ఏ ప్రస్తారానికీ చలించదు. x³ గుణకం 1 అయితే అదే విచక్షణి D. ఆ గుణకం a అయితే D = a⁴δ², a⁴ ఎలాగూ వర్గమే కాబట్టి వాదన మారదు. మూలాలు తెలియకపోయినా గుణకాల నుంచే దాన్ని లెక్కకట్టవచ్చు.

సమూహంలోని ప్రస్తారాలేవీ కదపలేని సంఖ్యలు అకరణీయ సంఖ్యలే అన్నది గాల్వా సిద్ధాంతంలోని కీలకమైన మాట. కాబట్టి సమూహం A₃ లోపల ఉంటే δ అకరణీయం, D ఒక అకరణీయ సంఖ్య వర్గం. ఒక్క బేసి ప్రస్తారం ఉన్నా δ కదులుతుంది, D వర్గం కాదు. బహుపది ఘాతం ఎంతైనా ఈ వాదన మారదు, A₃ బదులు Aₙ అనుకుంటే చాలు.

చేసే పద్ధతి

ముందుగా బహుపది కారణాంకాలుగా విడిపోతుందేమో చూడండి. ఘన బహుపది విడిపోతే అందులో ఒక్కటైనా అకరణీయ మూలం ఉండి తీరాలి. పూర్ణాంక గుణకాలు ఉండి, x³ గుణకం 1 అయితే, స్థిరపదాన్ని భాగించే సంఖ్యలను ధన, రుణ గుర్తులతో ప్రతిక్షేపిస్తే సరిపోతుంది. చాలామంది దాటేసే మెట్టు ఇదే. x³ − 7x + 6 కి D = 400, అంటే 20². అది చూసి సమూహం A₃ అనేస్తే తప్పు. మూలాలు 1, 2, −3. తారుమారు చేయడానికి ఏమీ లేదు, సమూహంలో ఉన్నది ఒక్క మూలకమే. అది A₃ లోపలే ఉంది కాబట్టి పరీక్ష అబద్ధం చెప్పలేదు, మనం అడగని ప్రశ్నకు జవాబు ఊహించుకున్నాం. విడిపోని ఘన బహుపదికి మాత్రమే A₃, S₃ తప్ప మూడో దారి లేదు.

తరువాత D లెక్క. x² పదం లేకపోతే సూత్రం చిన్నది:

x³ + px + q అయితే D = −4p³ − 27q²

x² పదం ఉంటే పూర్తి సూత్రం వాడండి:

ax³ + bx² + cx + d అయితే D = b²c² − 4ac³ − 4b³d − 27a²d² + 18abcd

ఉదాహరణకు x³ + x² − 2x − 1 కి వరసగా 4 + 32 + 4 − 27 + 36 = 49. ఇది 7², పైగా 1, −1 రెండూ మూలాలు కావు, కాబట్టి సమూహం A₃. లెక్కలో ఎక్కువగా తప్పేది గుర్తుల దగ్గరే: p రుణమైతే −4p³ ధనమవుతుంది.

ఇక D వర్గమా కాదా? రుణమైతే కాదు, సమూహం S₃, అక్కడితో సరి. ధనమైతే అసలు వర్గమూలం తీసి చూడాలి. D ధనం అన్నదానికి అర్థం మూడు మూలాలూ వాస్తవ సంఖ్యలని మాత్రమే. x³ − 4x + 1 కి D = 256 − 27 = 229. మూలాలు మూడూ వాస్తవమే, కానీ 229 అనేది 15² = 225 కీ 16² = 256 కీ మధ్యలో పడింది. సమూహం S₃.

ఒక లెక్క చివరిదాకా

x³ − 3x + 1 తీసుకుందాం. 1 పెడితే −1, −1 పెడితే 3 వస్తాయి, కాబట్టి విడిపోదు. D = 108 − 27 = 81 = 9². సమూహం A₃.

ఇక్కడ ఆగిపోతే అసలు రుచి తెలియదు. δ = 9 అకరణీయం కావడం వల్ల ఒక మూలం తెలిస్తే మిగతా రెండూ దాని నుంచే పుడతాయి. r ఒక మూలం, s, t మిగతావి అనుకోండి. x² పదం లేదు కనుక s + t = −r. (r − s)(r − t) అనేది r దగ్గర అవకలజం విలువే, అంటే 3r² − 3. δ ని దాంతో భాగిస్తే s − t వస్తుంది:

s − t = 9/(3r² − 3) = 3/(r² − 1)

r³ = 3r − 1 అని వాడుకుని (r² − 1)(2r² + r − 4) ని విప్పితే సరిగ్గా 3 వస్తుంది. కాబట్టి s − t = 2r² + r − 4. మొత్తం, భేదం రెండూ చేతిలో ఉన్నాయి కనుక:

s = r² − 2, t = 2 − r − r²

δ = −9 అని తీసుకుంటే s, t పేర్లు మారతాయంతే. సరిచూడటానికి మూలాల్లో ఒకటైన 1.532 ని పెట్టండి: s సుమారు 0.347, t సుమారు −1.879. r² − 2 అనే నియమాన్ని మళ్లీ మళ్లీ వాడితే 1.532 నుంచి 0.347 కి, అక్కడి నుంచి −1.879 కి, మళ్లీ 1.532 కి వస్తాం. A₃ లోని గుండ్రటి తిప్పుడు కళ్లకు కట్టేది ఇక్కడే. r ని కదపకుండా s, t లను మాత్రం మార్చలేరు, ఎందుకంటే r నిలిచి ఉంటే r² − 2 కూడా నిలవాల్సిందే.

పరీక్ష హద్దులు

"వర్గం" అన్నప్పుడు ఏ సంఖ్యల్లో అన్నది ముఖ్యం. x³ − 2 కి D = −108, అకరణీయాల్లో S₃. కానీ −108 = 36 × (−3). √−3 ని కూడా గుణకాల క్షేత్రంలోకి చేర్చుకుంటే D వర్గమైపోతుంది, సమూహం A₃ కి కుదించుకుపోతుంది. బహుపది అదే, మారింది క్షేత్రం.

1 + 1 = 0 అయ్యే క్షేత్రాల్లో మాత్రం ఈ పరీక్ష వాడకూడదు. అక్కడ δ, −δ ఒకటే, కాబట్టి బేసి ప్రస్తారాన్ని δ పసిగట్టలేదు. 0, 1 మాత్రమే ఉన్న క్షేత్రంలో x³ + x² + x చూడండి. అది x(x² + x + 1) గా విడిపోతుంది. రెండో కారణాంకం మూలాలను సమూహం పరస్పరం మారుస్తుంది, అది బేసి ప్రస్తారం. అయినా D = 1, అంటే వర్గమే.