శుక్రాచార్యుడు ఉన్నా బలి కనిపించని వ్యాసం: సమస్య - పరిష్కారం

హనుమకొండలో నేను దిద్దే వ్యాసాల్లో వామన చరిత్రపై రాసినవి ఏటా ఉంటాయి. పోతన పుట్టిన బమ్మెర మనకు దగ్గరి ఊరే కాబట్టి పద్యాలు పిల్లల నోట బాగానే పలుకుతాయి. చిక్కు వచ్చేది బలి చక్రవర్తి విలువలను శుక్రాచార్యుని పక్కన నిలిపి చూపవలసిన చోట.

లక్షణం: ఇద్దరూ వ్యాసంలో ఉంటారు, కానీ ఒకరి వల్ల మరొకరు తెలియరు

ఒక పేరాలో "శుక్రాచార్యుడు దానం వద్దన్నాడు" అని ఉంటుంది, తరువాతి పేరాలో "బలి గొప్ప దాత" అని ఉంటుంది. ఇది మీ వ్యాసంలో ఉందో లేదో తెలుసుకోవడానికి శుక్రాచార్యుని గురించిన వాక్యాలను పెన్సిలుతో కొట్టివేసి మిగిలినది చదవండి. బలి గురించి మీరు చెప్పిన మాట ఏమాత్రం దెబ్బతినకుండా నిలిస్తే, ఆ చిన్న పాత్ర అక్కడ పని చేయలేదని అర్థం.

కారణం

ఇద్దరి మధ్య తేడాను చూశారు గాని, ఆ తేడా నిలబడిన ఉమ్మడి నేలను చూడలేదు. వచ్చినవాడు విష్ణువని, మూడడుగులతో బ్రహ్మాండమంతా నిండుతాడని శుక్రుడు చెప్పినప్పుడు బలి దానిని కాదనలేదు. "నిజమానతిచ్చితి నీవు మహాత్మక" అని ఒప్పుకున్నాడు. తెలిసిన సంగతి ఇద్దరికీ ఒకటే, ముంచుకొచ్చే నష్టం గురించిన అంచనా కూడా ఒకటే. అయినా నిర్ణయాలు వేరయ్యాయంటే, ఆ వేరుపాటు తెలివిలో లేదు, దేనిని కాపాడుకోవాలన్న ఎంపికలో ఉంది. వ్యాసం పట్టుకోవలసినది ఆ ఎంపికను.

పరిష్కారం

చిన్న పాత్ర మాటను, నాయకుని మాటను పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ మళ్లీ వచ్చే పదాన్ని వెతకండి. శుక్రుడు "కులమున్ రాజ్యముఁ దేజమున్ నిలుపు" అని మొదలుపెట్టి "వలదీ దానము గీనమున్" అంటాడు. బలి జవాబులో "రాజ్యము గీజ్యమున్ సతతమే?" అని ఉంది. గురువు దానానికి 'గీనము' తగిలించి తేలిక చేస్తే, శిష్యుడు రాజ్యానికి 'గీజ్యము' తగిలించి దానిని తేలిక చేశాడు. అలాగే గురువు నిలుపుకోమన్న కులాన్నే తీసుకుని "కులాంతమైన" రానిమ్మన్నాడు. ఈ ఎదురుబొదురు మాటలను చూసినప్పుడల్లా నాకు పోతన చేతి పనితనం మీద ప్రేమ పెరుగుతుంది.

ఇక్కడ ఇంకొక్క అడుగు వేయాలి. ప్రాణానికో ధనానికో మానానికో భంగం కలిగే వేళ బొంకవచ్చునని, పాపం అంటదని శుక్రుడు మినహాయింపులు చూపాడు. అంటే ఆయన దానాన్ని ఆపడంతో ఊరుకోలేదు, ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోమన్నాడు. దానికి బలి జవాబు "తిరుగన్ నేరదు నాదు జిహ్వ". కనుక ఈ సన్నివేశంలో బలి విలువ కేవలం దానగుణం కాదు, ఆడిన మాట తప్పకపోవడం. శుక్రుడు లేకపోతే ఈ సంగతి మనకు ఇంత స్పష్టంగా తెలియదు.

దిద్దిన వాక్యం ఇలా ఉండవచ్చు: "ఆపదలో బొంకినా పాపం లేదని గురువే అనుమతి ఇచ్చిన తరువాత కూడా, నష్టం తప్పదని ఒప్పుకుంటూనే నాలుక మరల్చని బలికి, సత్యం రాజ్యం కంటే పెద్దది." ఇందులో శుక్రుని భాగం తీసివేస్తే వాక్యమే కూలిపోతుంది.

లక్షణం: శుక్రాచార్యుడు దుర్మార్గుడిగా మారిపోతాడు

నాయకుణ్ణి పెంచాలంటే పక్కవాణ్ణి తగ్గించాలనుకోవడమే దీనికి కారణం. ఎదుటివాడు చెప్పేది బలహీనమైన సలహా అయితే దానిని కాదనడంలో బలి గొప్పతనం ఏమీ లేదు. శుక్రుడు శిష్యుని మేలు కోరినవాడని, ఆయన హెచ్చరించినట్లే బలి మూడు లోకాలనూ పోగొట్టుకున్నాడని ముందుగా నిజాయితీగా రాయండి. ఆ తరువాత బలి జవాబు రాస్తే దాని బరువు దానంతట అదే తెలుస్తుంది.

లక్షణం: చిన్న పాత్రే పేజీ అంతా ఆక్రమిస్తుంది

కలశ రంధ్రానికి అడ్డుపడి శుక్రుడు కన్ను పోగొట్టుకున్న ఘట్టం కథగా రసవత్తరమే, కానీ అది బలి ఎంపికను గురించి కొత్తగా ఏమీ చెప్పదు. అటువంటివి ఒక వాక్యంలో దాటించండి. శుక్రుని గురించి రాసిన ప్రతి రెండు మూడు వాక్యాల తరువాత బలి పేరు రాకపోతే దారి తప్పినట్లే.

బలి భార్య వింధ్యావళిని కూడా ఇదే పద్ధతిలో వాడబోయి ఇబ్బంది పడినవారు ఉన్నారు. ఆమె భర్తకు ఎదురు చెప్పలేదు, వటువు పాదాలు కడగడానికి నీళ్లు తెచ్చింది. ఎదురు నిలవని పాత్రతో వైరుధ్యం చూపలేము. ఆ దానంలో ఇల్లాలు కూడా పాలుపంచుకుందని చెప్పడానికి మాత్రం ఆమె పనికివస్తుంది.