సిక్ లీవ్‌కు ఫోన్ చేసేటప్పుడు మేనేజర్‌కి ఎంత చెప్పాలి: ఈఎస్‌ఐ ఉన్నవాళ్ల కోసం

పోయిన నెల ఈఎస్‌ఐ డిస్పెన్సరీ లైన్లో నా ముందు నిలబడ్డ అమ్మాయి ఓ ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేస్తుంది. అధిక రక్తస్రావంతో లేవలేకపోయింది. ఆ మాట సూపర్‌వైజర్‌తో చెప్పడానికి మొహమాటపడి, వాట్సాప్ గ్రూపులో "జ్వరం సార్" అని పెట్టింది. తర్వాత తెచ్చిన సర్టిఫికెట్‌లో జ్వరం ఊసే లేదు. "దొంగ సర్టిఫికెట్ తెచ్చావా?" అని నలుగురి ముందు అడిగారట. చెప్తూ చెప్తూ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అసలు విధానం పెద్దదేం కాదు. జీతం నెలకు 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కోత పడుతున్నవాళ్లు, ఆరు నెలల కాంట్రిబ్యూషన్ కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, జబ్బు చేసినప్పుడు సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. అయితే పాత జబ్బు సెలవు ముగిసిన 15 రోజుల్లోపే మళ్లీ పడకేస్తే ఆ రెండు రోజుల కోత ఉండదు. రోజుకు 600 వచ్చే మనిషికి డాక్టర్ 8 రోజులు రెస్ట్ రాస్తే, రెండు పోగా ఆరు రోజులకు 420 చొప్పున 2,520 రూపాయలు. సర్టిఫికెట్‌ను, క్లెయిమ్‌ను ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసుకు అందజేస్తే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది.

చాలామంది తప్పటడుగు వేసేది ఫోన్ చేసే దగ్గరే. మేనేజర్‌కి కావాల్సింది మీరు ఎప్పటి నుంచి రారు, దాదాపు ఎన్ని రోజులు, మీ చేతిలోని పని ఎక్కడ ఆగింది అనేవే. ఇలా రాస్తే చాలు:

"సార్, ఒంట్లో బాగోలేదు, ఈ రోజు డ్యూటీకి రాలేను. ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్తున్నాను. డాక్టర్ ఎన్ని రోజులు రెస్ట్ రాసేదీ సాయంత్రం చెప్తాను. డెస్పాచ్ రిజిస్టర్ రెండో అరలో ఉంది."

ఇది గ్రూపులో కాకుండా ఆయన నంబరుకే పంపండి. "ఏమైంది?" అని అడిగితే "డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తారు సార్, హెచ్‌ఆర్‌లో ఇస్తాను" అనండి. అక్కడితో ఆగిపోవడం అమర్యాద కాదు. కానీ లేని జబ్బు పేరు మాత్రం చెప్పకండి. సర్టిఫికెట్‌లో జబ్బును క్లుప్తంగా రాసే చోటు ఉంటుంది, మీ మాటకీ ఆ కాగితానికీ తేడా వస్తే అనుమానం మీ మీదే పడుతుంది. చెప్పకుండా ఉండటం వేరు, ఇంకోటి చెప్పడం వేరు. కంపెనీకి కాపీ ఇవ్వాల్సి వస్తే కవర్లో పెట్టి హెచ్‌ఆర్‌కే ఇవ్వండి, సూపర్‌వైజర్ టేబుల్ మీద వదిలి రాకండి. స్కానింగ్ రిపోర్టులు, రక్తపరీక్షలు జతచేయాల్సిన పని లేదు. హెచ్‌ఐవి విషయంలో అయితే 2017 నాటి చట్టం ఉంది, ఆ సంగతి చెప్పమని బలవంతం చేసే హక్కు మామూలుగా ఎవరికీ లేదు.

రెండు సందర్భాల్లో మాత్రం దాచకండి. పనిలో దెబ్బ తగిలితే ఎప్పుడు, ఏ మెషిన్ దగ్గర, ఎలా తగిలిందో అదే రోజు పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే కంపెనీ ప్రమాదం రిపోర్టు పంపితేనే పని ప్రమాదపు బెనిఫిట్ కదులుతుంది. రెండోది, క్యాంటీన్‌లో గానీ ఆహారం ప్యాకింగ్‌లో గానీ ఉండి వాంతులు, విరేచనాలు, కామెర్లు వస్తే ఆ మాట చెప్పాలి. పక్కవాళ్లకూ, తినేవాళ్లకూ అంటుకుంటుంది.

తిరిగి డ్యూటీకి వచ్చేటప్పుడు కూడా జబ్బు కథ అక్కర్లేదు, చేయలేని పని చెప్పండి. "రెండు వారాలు పది కిలోలకు మించి ఎత్తొద్దన్నారు" అంటే ఆయనకు డ్యూటీ సర్దుకోవడానికి సరిపోతుంది.

ఇంకొకటి. మూడు రోజులు ఇంట్లో మాత్రలు మింగి, నాలుగో రోజు డిస్పెన్సరీకి వెళ్లి "వెనక తేదీ నుంచి రాయండి" అని అడిగేవాళ్లను చాలామందిని చూశాను. డాక్టర్ చూసిన రోజు నుంచే రాస్తారు కాబట్టి నీరసం తగ్గేదాకా ఆగకుండా మొదటి రోజే వెళ్లండి. బయట జిరాక్స్ షాపు దగ్గర నిలబడి ఐదొందలకు పాత తేదీతో సర్టిఫికెట్ ఇప్పిస్తామనే వాళ్ల మాట వినకండి. అది తప్పుడు కాగితం అని తేలితే తీసుకున్న డబ్బు వెనక్కి కట్టాల్సి రావడమే కాదు, కేసు కూడా అవుతుంది. డిస్పెన్సరీలో చూపించుకోవడానికి, సర్టిఫికెట్‌కు ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు.