షార్ట్‌వేవ్‌లో ఒకే స్టేషన్ రెండు చోట్ల వస్తోందా? మిక్సర్‌కు ముందు వెతకండి

సమస్య

రాత్రిపూట ట్రాన్సిస్టర్ రేడియోలో షార్ట్‌వేవ్ తిప్పుతుంటే 9.41 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక స్టేషన్ గట్టిగా వస్తుంది. ముల్లును కిందికి 8.5 దాకా తెస్తే అదే గొంతు, అదే పాట, కాస్త నీరసంగా మళ్లీ వినిపిస్తుంది. 31 మీటర్ల బ్యాండు మొదలయ్యేదే 9.4 దగ్గర. 8.5లో ఆ పాటకు చోటే లేదు. చాలామంది ఇక్కడ ఐఎఫ్‌టీల మీద, అంటే మిక్సర్ తర్వాత ఉండే ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌ఫార్మర్ల మీద పడతారు. పసుపు, తెలుపు, నలుపు డబ్బాల కోర్లన్నీ తిప్పేస్తారు. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. తప్పు అక్కడ లేదు.

కారణం

ముందు తేడా లెక్కపెట్టండి: 9410 - 8500 = 910 కిలోహెర్ట్జ్. రేడియో ప్రతి స్టేషన్‌నూ లోపల మార్చుకునే ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ, అంటే ఐఎఫ్, 455 కిలోహెర్ట్జ్. 910 దానికి సరిగ్గా రెట్టింపు. ఈ అంకె కనిపిస్తే అది ఇమేజ్ ఫ్రీక్వెన్సీయే.

ముల్లు 8500 మీద ఉన్నప్పుడు లోపలి ఆసిలేటర్ 455 ఎక్కువగా, అంటే 8955లో నడుస్తుంది. మిక్సర్ చేసే పని తన దగ్గరికి వచ్చిన రెండు ఫ్రీక్వెన్సీల తేడా తీయడం. 8955లోంచి 8500 తీసేస్తే 455. 9410లోంచి 8955 తీసేసినా 455. ఏది పైనుంచి వచ్చిందో, ఏది కిందినుంచి వచ్చిందో మిక్సర్‌కు తెలియదు. రెండూ 455గా మారాక ఐఎఫ్‌టీలు ఎంత బాగా ట్యూన్ అయి ఉన్నా వాటిని విడదీయలేవు. ఆపాల్సింది మిక్సర్‌కు ముందున్న యాంటెన్నా కాయిలే.

దాని శక్తి ఎంతో చూద్దాం. కాయిల్ ఎంత పదునుగా ట్యూన్ అవుతుందో చెప్పే క్యూ 50 అనుకోండి. కింద fs అంటే ముల్లు ఉన్న ఫ్రీక్వెన్సీ, fi అంటే దాని ఇమేజ్, రెండూ కిలోహెర్ట్జ్‌లో.

```
fi = fs + 2 × 455
ρ  = fi/fs - fs/fi
ఆపే రెట్లు = √(1 + Q²ρ²)
```

మీడియం వేవ్‌లో హైదరాబాద్ 738 మీద ఉంటే ఇమేజ్ 1648లో పడుతుంది. కాయిల్ దాన్ని దాదాపు 90 రెట్లు తగ్గిస్తుంది. పైగా అక్కడికి మన మీడియం వేవ్ బ్యాండే అయిపోతుంది. అందుకే ఈ గోల మీడియం వేవ్‌లో పెద్దగా తెలియదు. అదే క్యూ ఉన్న కాయిల్ 8.5 మెగాహెర్ట్జ్‌లో 10 రెట్లే తగ్గిస్తుంది, 20 మెగాహెర్ట్జ్‌కు వచ్చేసరికి నాలుగున్నర రెట్లే. రాత్రి బలమైన స్టేషన్‌కు పది రెట్లు ఒక లెక్క కాదు.

పరిష్కారం

ఇమేజ్ నీరసంగా వస్తూ, అసలు స్టేషన్ తన చోట గట్టిగా వస్తుంటే సెట్‌లో లోపం లేనట్టే. బయటి వైరు పొడవు తగ్గించినంత మాత్రాన లాభం లేదు; మీకు కావాల్సిన స్టేషన్ కూడా అంతే తగ్గుతుంది. ఒక్క స్టేషనే పీడిస్తుంటే, ఒక కాయిల్‌ను, ట్రిమ్మర్‌ను సిరీస్‌లో కలిపి యాంటెన్నాకు, ఎర్త్‌కు మధ్య పెట్టి 9.41కు ట్యూన్ చేస్తే అది అణుగుతుంది. ఆ స్టేషనే వినాలనుకున్న రోజు మాత్రం దీన్ని విప్పాలి.

స్టేషన్లు చాలావరకు తప్పు చోట, బలహీనంగా వస్తుంటే కథ వేరు. ఎవరో ట్రిమ్మర్లు కదిపి ఉంటారు. ఇది సరిచేయగలిగిన లోపం, అందుకే జాగ్రత్తగా చూడాలి. సిగ్నల్ జనరేటర్‌ను 15 మెగాహెర్ట్జ్‌కు పెట్టి, ముల్లును కూడా 15 మీద ఉంచండి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ఆసిలేటర్ ట్రిమ్మర్‌ను మెల్లగా తిప్పితే సిగ్నల్ రెండు చోట్ల పలుకుతుంది. ఒక చోట ఆసిలేటర్ 15.455లో, మరో చోట 14.545లో ఉంటుంది. ట్రిమ్మర్ కెపాసిటీ తక్కువగా ఉన్న చోటే సరైనది, ఎందుకంటే అక్కడే ఆసిలేటర్ పైన ఉంటుంది. యాంటెన్నా ట్రిమ్మర్‌లో కూడా రెండు చోట్ల పెరిగితే అక్కడ ఉల్టా: కెపాసిటీ ఎక్కువున్న చోటు తీసుకోవాలి.

ఇప్పుడు సరిచూసుకోండి. జనరేటర్‌ను 15లోనే ఉంచి, సిగ్నల్ పెంచి, ముల్లును 14.09కి తెండి. అక్కడ సన్నగా వినిపిస్తే అమరిక సరిగ్గా ఉన్నట్టు. అక్కడ కాకుండా 15.91 దగ్గర వస్తే ఆసిలేటర్ కింది వైపు కూర్చుంది, మళ్లీ మొదలుపెట్టండి. జనరేటర్ లేనివాళ్లు స్టేషన్ ఫ్రీక్వెన్సీ కచ్చితంగా తెలిసిన ప్రసారంతో కూడా ఈ పని చేయవచ్చు, కాకపోతే షార్ట్‌వేవ్ సిగ్నల్ ఊగుతూ ఉంటుంది కాబట్టి ఓపిక కావాలి.

ఇంతకుమించి ఈ సర్క్యూట్ ఇవ్వలేదు. 20 మెగాహెర్ట్జ్‌లో కూడా శుభ్రంగా వినాలంటే మొదటి ఐఎఫ్‌ను బాగా పైకి, ఉదాహరణకు 55.845 మెగాహెర్ట్జ్‌కు తీసుకెళ్లి, రెండో మిక్సర్‌తో మళ్లీ 455కు దించే డబుల్ కన్వర్షన్ సెట్ కావాలి. దానిలో ఇమేజ్ 111 మెగాహెర్ట్జ్‌కు పైగా దూరం పోతుంది, ముందున్న లో-పాస్ ఫిల్టరే దాన్ని ఆపేస్తుంది. కానీ రెండో మిక్సర్‌కు కూడా 910 కిలోహెర్ట్జ్ దూరంలో తన ఇమేజ్ ఉంటుంది. దాన్ని ఆపేది 55.845 దగ్గరున్న క్రిస్టల్ ఫిల్టర్. అలాంటి ఖరీదైన సెట్‌లో 910 దూరంలో దయ్యంలా స్టేషన్ మళ్లీ వస్తే యాంటెన్నా కాయిల్ కాదు, ముందు ఆ ఫిల్టర్‌నూ దాని టంకాలనూ చూడండి.